చారా, మచ్చా, కొసా? ఫొటో చూసి కుక్క రంగుకు పేరు పెట్టడం

కుక్క ఒంటి మీద ఎన్ని రంగులు కనిపించినా వాటి వెనుక ఉన్న వర్ణకాలు రెండే. ఒకటి నలుపు వర్ణకం, యూమెలనిన్. రెండోది ఎరుపు వర్ణకం, ఫియోమెలనిన్. ఈ రెండోది మీగడ రంగు మొదలుకొని ముదురు ఇటుక రంగు దాకా ఎన్నో ఛాయల్లో ఉంటుంది. తెలుపు వేరే వర్ణకం కాదు. రంగు చేరని చోట వెంట్రుక తెల్లగా మిగిలిపోతుంది. బ్రిండిల్, సేబుల్, మెర్ల్ అనేవి నిజానికి రంగుల పేర్లు కావు. నలుపు వర్ణకం ఒంటి మీద ఏ తీరుగా పరుచుకుందో చెప్పే పేర్లు. కాబట్టి ఫొటో చూడగానే కుక్క ఏ రంగులో ఉందని కాక, దాని ఒంటి మీద నలుపు ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అని చూడాలి.

మొదట చూడవలసింది ముక్కు. ముక్కు తోలులోనూ కంటి అంచుల్లోనూ ఉండేది నలుపు వర్ణకమే. కొన్ని కుక్కల్లో పుట్టుకతోనే ఆ వర్ణకం గోధుమ రంగుకో, బూడిద రంగుకో మారి ఉంటుంది. అలా మారితే ఒళ్లంతా మారుతుంది. ముక్కు చాక్లెట్ రంగులో ఉన్న కుక్క ఒంటి మీద నల్ల వెంట్రుక ఉండదు, చారలున్నా అవి గోధుమ రంగువే. ముక్కు బూడిద రంగులో ఉంటే చారలూ బూడిద రంగులోనే ఉంటాయి. కుక్కలు పెంచేవారు ఈ బూడిద రంగునే ‘బ్లూ’ అంటారు. కొన్ని కుక్కలకు వయసు మీద పడ్డాక ముక్కు వెలిసిపోతుంది, అలాంటప్పుడు కంటి అంచులను చూసి నిర్ధారించుకోవచ్చు.

ముక్కు సంగతి తేలాక ఒంటి మీది తీరు చూడాలి. బ్రిండిల్ అంటే ఎర్రటి లేదా గోధుమవన్నె ఒంటి మీద నల్ల చారలు. మన వాడుకలో చెప్పాలంటే పులిచారల కుక్క. బాక్సర్, గ్రేట్ డేన్, గ్రేహౌండ్ జాతుల్లో ఇది మామూలు. చారలు వెన్ను దగ్గర మొదలై పక్కటెముకల మీదుగా కిందికి దిగుతాయి. కొన్ని కుక్కలకు పలచగా నాలుగైదు గీతలే ఉంటాయి. మరికొన్నింటికి చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, దూరం నుంచి నల్ల కుక్కలా కనిపిస్తాయి. అలాంటి కుక్కను ఎండలో చూస్తే నలుపు మధ్య సన్నటి ఎర్ర గీతలు బయటపడతాయి. ఈ చారలు ఎర్ర భాగాల మీదే వస్తాయి, తెల్ల మచ్చల మీదికి పాకవు. నల్లటి ఒళ్లు, కనుబొమల మీదా కాళ్ల మీదా ఎర్ర మచ్చలు ఉన్న కుక్కకు బ్రిండిల్ వస్తే, చారలు ఆ ఎర్ర మచ్చల్లో మాత్రమే కనిపిస్తాయి.

సేబుల్‌లో చారలుండవు. ఇక్కడ నలుపు వెంట్రుక కొసకు పరిమితం. మొదలు లేత పసుపుగానో ఎరుపుగానో ఉండి, చివర మాత్రం నల్లగా ఉంటుంది. కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, పొమరేనియన్ జాతుల్లో ఇది బాగా తెలుస్తుంది. నల్ల కొసలు వెన్ను మీద, భుజాల మీద, తోక పైభాగాన ఎక్కువగా చేరి, కడుపు వైపు దిగేకొద్దీ పలచబడతాయి. ముదురు రంగు ఎక్కడ ముగిసిందో గీత గీసి చూపలేం, పొగ చూరినట్టు మెల్లగా కరిగిపోతుంది. సేబుల్ పిల్లలు చాలావరకు ముదురుగా పుట్టి, పెరిగేకొద్దీ తేలికబడతాయి. రెండు నెలల పిల్ల ఫొటో చూసి పెట్టిన పేరు ఏడాది తర్వాత నప్పకపోవడానికి కారణం ఇదే.

మెర్ల్ తీరు వేరు. ఇందులో నలుపు కొన్నిచోట్ల పలచబడి బూడిద రంగవుతుంది, కొన్నిచోట్ల చెక్కుచెదరకుండా నల్లటి మచ్చలుగా మిగులుతుంది. ఆ మచ్చల అంచులు చింపిన కాగితంలా గజిబిజిగా ఉంటాయి. దీన్ని బ్లూ మెర్ల్ అంటారు. గోధుమ రంగు కుక్కలో వచ్చినదాన్ని రెడ్ మెర్ల్ అంటారు. ఆస్ట్రేలియన్ షెపర్డ్, కోలీ జాతుల్లో ఇది ప్రసిద్ధం. మెర్ల్ నలుపు వర్ణకాన్నే మారుస్తుంది, కాబట్టి అదే కుక్క కాళ్ల మీది ఎర్ర మచ్చలు ఎప్పటిలాగే ఉంటాయి. కొన్నింటికి ఒక కన్నో, రెండు కళ్లో నీలంగా ఉంటాయి. డాల్మేషియన్ మాదిరి తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలున్న కుక్కను చూసి మెర్ల్ అని పొరబడేవారున్నారు. మచ్చల మధ్య నేల రంగు తెలుపా, బూడిదా అని చూస్తే చిక్కు విడిపోతుంది. బూడిద నేల మెర్ల్‌కు గుర్తు.

ఫొటో ఎక్కువగా మోసం చేసేది వెలుతురు దగ్గరే. పచ్చటి బల్బు కింద మీగడ రంగు ఎర్రగా కనిపిస్తుంది. నీడలో బ్లూ కుక్క నల్లగా, ఫ్లాష్ పడితే నల్లకుక్క బూడిదగా కనిపిస్తాయి. ఎండకు వెలిసిన నల్ల వెంట్రుక కొసలు ఎర్రబడతాయి. తడిసిన బొచ్చు పాయలుగా విడిపోయి లేని చారలు చూపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వీధిలో దొరికిన ఆడకుక్కను పెంచుకునేవారి కోసం ప్రకటన ఇస్తున్నారు. రాత్రి వీధిదీపం కింద తీసిన ఫొటోలో ఒళ్లు నారింజ రంగులో ఉంది, వీపు మీద నల్లటి గీతలున్నట్టున్నాయి. చూసినవారు బ్రిండిల్ అన్నారు. మర్నాడు ఉదయం దాన్ని చెట్టు నీడలో నిలబెట్టి, పక్కన ఒక తెల్లకాగితం ఉంచి మూడు ఫొటోలు తీశారు: పక్క నుంచి ఒళ్లంతా, దగ్గర నుంచి ముక్కు, వీపు మీద వెంట్రుకలు వేళ్లతో విడదీసి ఒకటి. కాగితం తెల్లగా పడింది కాబట్టి రంగులను నమ్మవచ్చు. నారింజ రంగు పోయి గోధుమవన్నె తేలింది. ముక్కు నల్లగా ఉంది. పక్కటెముకల మీద ఒక్క చారా లేదు. వీపు మీద ప్రతి వెంట్రుకా మొదట్లో లేతగా, కొసన నల్లగా ఉంది. రాత్రి గీతల్లా కనిపించినవి బొచ్చు పాయల మధ్య నీడలు. ఇది సేబుల్. అదే బ్రిండిల్ అయితే, విడదీసిన చోట పూర్తిగా నల్ల వెంట్రుకల వరుస, దాని పక్కనే పూర్తిగా ఎర్ర వెంట్రుకల వరుస కనిపించేవి.

పేర్లకూ ఒక చిక్కుంది. జర్మన్ షెపర్డ్‌లో సేబుల్ అనేది కోలీ సేబుల్ లాంటిది కాదు. అక్కడ ఒక్కో వెంట్రుకలోనే లేత, ముదురు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, తోడేలు బొచ్చులా. జాతి తెలియని కుక్క విషయంలో ‘గోధుమవన్నె, నల్ల కొసలు, నల్ల ముక్కు’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ పొరబడరు.

ఫొటోకు అందనిది ఒకటుంది. ఒంటి మీద నల్ల వెంట్రుకే లేని ఎర్ర, మీగడ రంగు కుక్కలో మెర్ల్ జన్యువు ఉన్నా బయటికి కనిపించదు, ఎందుకంటే పలచబరచడానికి అక్కడ నలుపే లేదు. మెర్ల్‌కు కారణమైన జన్యుమార్పును 2006లో గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పు వస్తే పిల్లలు చాలావరకు తెల్లగా పుడతాయి, వాటిలో చెవుడు, కంటి లోపాలు ఎక్కువ. రెండు మెర్ల్ కుక్కలను జత చేస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి ఈ గతి పడుతుంది. అందువల్ల మెర్ల్ వచ్చే జాతుల్లో జత కలపడానికి ముందు ఫొటో మీద ఆధారపడకుండా డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి.