గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను ఎందుకు కొట్టుకొంటుంది?

కరీంనగరు నుండి జగిత్యాల పోయే దారిలో కొండగట్టు ఉన్నది. నిర్మల్ దాటి నేరడిగొండ వైపు పోయే పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ ఉన్నది. వెనుక ఒక మనిషిని ఎక్కించుకొని మోటారు సైకిలుపై ఈ ఎత్తులు ఎక్కేవారికి ఒక అనుభవం సామాన్యం. సగం దూరం ఎక్కగానే ఇంజనులో నుండి 'టక టక'మనో, 'కిణ కిణ'మనో లోహపు చప్పుడు మొదలవుతుంది. దీనినే నాకింగు అంటారు. చప్పుడు సన్నగా ఉంటే పింగింగు అంటారు. బంకులో కల్తీ పెట్రోలు పోశారని కొందరు, ఇంజను అరిగిపోయిందని కొందరు అనుకొంటారు. అసలు సంగతి తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు, వాటి సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: ఇంజనులో కొట్టుకొనేది ఏది? పిస్టను పోయి దేనికైనా తగులుతుందా?

జవాబు: లేదు. నిజమైన నాకింగులో ఏ ఇనుప భాగమూ మరొక దానికి కొట్టుకొనదు. కొట్టేది వాయువు.

పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టను పైకి వచ్చేటప్పుడు తొమ్మిదవ వంతు, పదవ వంతు స్థలంలోకి నొక్కుతుంది. ఆ నొక్కుడుకే మిశ్రమం 350 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా వేడెక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మంట ప్లగ్గు దగ్గర పుట్టి, ఎండుగడ్డి వాములో నిప్పు పాకినట్లు వరుసగా అవతలి అంచుకు పాకుతుంది. మండిన భాగం ఉబ్బి, ఇంకా మండని భాగాన్ని మూలకు తోసి మరింత నొక్కుతుంది. అందువల్ల ఆ మూలనున్న వాయువు ఇంకా వేడెక్కుతుంది. మంట తనను చేరేలోగా అది తనంతట తానే అంటుకొంటే, వరుసగా పాకవలసిన మంట ఒక్క పెట్టున పేలుతుంది. ఆ పేలుడు నుండి పుట్టిన పీడన తరంగం సిలిండరు గోడల మధ్య సెకనుకు వేలసార్లు అటూ ఇటూ కొట్టుకొంటుంది. గోడలు గంటవలె మ్రోగుతాయి. మనకు వినిపించే చప్పుడు అదే.

కాబట్టి నాకింగు ఒక పందెం వంటిది. మంట ఒక పక్క పరుగెత్తుతూ ఉంటుంది. మూలనున్న వాయువు మరొక పక్క తనంతట అంటుకోవడానికి సిద్ధమవుతూ ఉంటుంది. మంట ముందు చేరితే ఇంజను నెమ్మదిగా నడుస్తుంది. వాయువు ముందు అంటుకొంటే కొట్టుకొంటుంది. ఇక మీదట చెప్పబోయేవన్నీ ఈ పందెంలో ఎవరికి బలం చేకూర్చుతాయన్నదే విషయం.

ప్రశ్న: చదును నేల మీద రాని చప్పుడు, వెనుక మనిషి ఉండి గుట్ట ఎక్కేటప్పుడే ఎందుకు వస్తుంది?

జవాబు: ఒక లెక్క వేసి చూద్దాము. 100 సి.సి. మోటారు సైకిలు బరువు 110 కిలోలు, నడిపేవాని బరువు 65 కిలోలు అనుకొందాము. మొత్తం 175 కిలోలు. వెనుక మరొకరు కూర్చుంటే 240 కిలోలు. దారి ప్రతి 15 మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేస్తున్నదనుకొంటే, బండిని వెనుకకు లాగే బలం మొత్తం బరువులో పదిహేనవ వంతు. ఒక్కడే ఉన్నప్పుడు అది దాదాపు 12 కిలోల బరువుకు సమానం. ఇద్దరున్నప్పుడు 16 కిలోలు. ఇది చక్రాల రాపిడికీ, గాలి ఒత్తిడికీ అదనం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఇద్దరినీ ఎక్కించడానికి ఇంజను సుమారు 2 కిలోవాట్ల శక్తి ఇవ్వవలసి ఉంటుంది.

ఈ శక్తి ఈ ఇంజనుకు పెద్దదేమీ కాదు. అయితే దానిని ఏ గేరులో అడుగుతున్నామన్నది ముఖ్యం. ఇటువంటి బండి టాపు గేరులో 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజను నిమిషానికి సుమారు 3000 చుట్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మంట పుడుతుంది కాబట్టి, నిమిషానికి 1500 సార్లు మండుతుంది. పని అంతా ఈ 1500 మండింపులే మోయవలెను. అందుకు ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పవలసి వస్తుంది. సిలిండరులోకి మిశ్రమం నిండుగా వస్తుంది. పీడనమూ వేడీ పెరుగుతాయి. మూలనున్న వాయువు త్వరగా అంటుకోవడానికి ఇంతకంటె ఏమి కావలెను?

పైగా దానికి వ్యవధి కూడా దొరుకుతుంది. మంట అవతలి అంచు చేరేసరికి ఇంజను సుమారు 40 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్ల వేగంలో దీనికి సెకనులో 450వ వంతు పడుతుంది. అదే 5000 చుట్లయితే 750వ వంతు చాలును.

ప్రశ్న: అయితే ఏమి చేయవలెను?

జవాబు: చప్పుడు రాకముందే గేరు తగ్గించవలెను. పై బండినే రెండవ గేరులోకి మార్చి అదే 30 కిలోమీటర్ల వేగంతో నడిపితే, ఇంజను 5000 చుట్ల దాకా తిరుగుతుంది. మండింపులు నిమిషానికి 2500 అవుతాయి. 1500 మంది మోసిన బరువును 2500 మంది పంచుకొన్నట్లు, ఒక్కొక్క మండింపు వంతు నూటికి 40 పాళ్ళు తగ్గుతుంది. ఆక్సిలరేటరు సగం తిప్పితే సరిపోతుంది. చాలామందికి ఇంజను ఎక్కువ మ్రోగితే ఎక్కువ శ్రమపడుతున్నదని భ్రమ. నిజానికి టాపు గేరులో మూలుగుతూ ఎక్కే ఇంజనే ఎక్కువ బాధపడుతున్నది. చప్పుడు మొదలైన తరువాత ఆక్సిలరేటరు ఇంకా తిప్పడం నిప్పులో నెయ్యి పోయడమే. ముందు దానిని కొంత తగ్గించి, తరువాత గేరు మార్చవలెను.

ప్రశ్న: చప్పుడు ఎండకాలంలో ఎక్కువగా వినిపిస్తుందేమి?

జవాబు: ఆదిలాబాదులో చలికాలపు తెల్లవారుజామున గాలి 10 డిగ్రీలకు దిగుతుంది, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలుంటుంది. లోపలికి పీల్చిన గాలిలో ఈ 35 డిగ్రీల తేడా, నొక్కుడు పూర్తయ్యేసరికి దాదాపు 70 డిగ్రీల తేడా అవుతుంది. అంతేకాక, గాలి తగిలి చల్లబడవలసిన ఇంజను గుట్ట మీద మెల్లగా పోవడం వల్ల తగినంత గాలి పొందదు. అందువల్ల డిసెంబరులో నిశ్శబ్దంగా ఎక్కిన బండి అదే దారిలో మే నెలలో కొట్టుకోవచ్చును. దీనికి పెట్రోలును నిందించ పనిలేదు.

ప్రశ్న: పెట్రోలు నాణ్యతకు, దీనికి సంబంధం లేదా?

జవాబు: తప్పక ఉన్నది. తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకొనే గుణాన్ని ఆక్టేను సంఖ్యతో కొలుస్తారు. ఐసో-ఆక్టేను అనే ద్రవం బాగా ఓర్చుకొంటుంది. దాని సంఖ్య 100. హెప్టేను వెంటనే లొంగిపోతుంది. దాని సంఖ్య 0. ఒక పెట్రోలు సంఖ్య 91 అంటే, పరీక్ష ఇంజనులో అది 91 పాళ్ళ ఐసో-ఆక్టేను, 9 పాళ్ళ హెప్టేను కలిపిన ద్రవంవలె ప్రవర్తిస్తుందని అర్థం.

ఈ సంఖ్యను పెంచడానికి 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ సీసపు సమ్మేళనం ఒకటి కనుగొన్నాడు. సీసం విషమని లోకం ఆలస్యంగా గుర్తించింది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు ఆ పనిలో కొంత ఇథనాల్ చేస్తున్నది. దాని ఆక్టేను సంఖ్య 108 ప్రాంతంలో ఉంటుంది. 2025 నాటికి దేశమంతటా వ్యాపించిన, నూటికి 20 పాళ్ళు ఇథనాల్ ఉన్న పెట్రోలుకు 95 ఆక్టేను సంఖ్య నిర్ణయించారు. అంటే నాకింగు విషయంలో ఇది పాతదానికంటె మెరుగే. కాని పాత కార్బురేటరు బండ్లలో దీనివల్ల మిశ్రమం పలుచబడి, ఎక్కేటప్పుడు ఇంజను తడబడవచ్చును. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. తడబాటు వేరు, నాకింగు వేరు.

ప్రశ్న: కల్తీ జరిగిందని తెలుసుకోవడమెట్లా?

జవాబు: కిరసనాయిలు ఆక్టేను సంఖ్య చాలా తక్కువ. కొద్దిగా కలిసినా పెట్రోలు ఓర్పు పడిపోతుంది. బంకులో వడపోత కాగితం అడిగే హక్కు కొనేవానికి ఉన్నది. కాగితం మీద ఒక చుక్క పెట్రోలు వేస్తే, మంచిదైతే సుమారు రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. నూనె మరక మిగిలితే అనుమానించవలెను. బంకులో ఆనాటి సాంద్రత కూడా రాసి ఉంచుతారు. కొలిచి 15 డిగ్రీలకు సరిచేసిన సాంద్రత దానికి 3 అంకెలకు మించి తేడా వస్తే అదీ అనుమానాస్పదమే. అయితే త్వరగా ఆవిరయ్యే తేలిక ద్రవాలు కలిపితే కాగితంపై మరక పడదు. కాబట్టి మరక లేనంత మాత్రాన పెట్రోలు స్వచ్ఛమని తేల్చలేము.

వానాకాలంలో మరొక చిక్కు ఉన్నది. ట్యాంకులోకి నీరు ఎక్కువగా చేరితే ఇథనాల్ పెట్రోలును వదలి నీటితో చేరి అడుగుకు దిగుతుంది. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేను తగ్గుతుంది. అడుగున ఉన్నది ముందు ఇంజనుకు పోతుంది కాబట్టి బండి అసలు స్టార్టు కాకపోవడం దీనికి మొదటి గుర్తు.

ప్రశ్న: పెట్రోలు మంచిదే, గేరు సరియైనదే. ఇంకా చప్పుడు వస్తున్నది.

జవాబు: ముందు అది నాకింగేనా అని చూడవలెను. ఆక్సిలరేటరు కొంచెం తగ్గించగానే చప్పుడు మాయమైతే నాకింగే. బండి నిలిపి ఉంచినప్పుడు కూడా వినిపిస్తూ, ఇంజను వేగంతోపాటు హెచ్చుతగ్గులవుతుంటే అది వాల్వుల సందుదో, చైనుదో కావచ్చును, మెకానిక్కు సవరించగలడు.

నాకింగే అయితే మూడు చోట్ల వెదకవలెను. మొదటిది పిస్టను తలమీద పేరుకొన్న మసి. అది స్థలాన్ని తగ్గించి నొక్కుడు పెంచుతుంది; వేడిని పట్టి ఉంచుతుంది. రెండవది రవ్వ వేళకంటె ముందు పడడం. మూడవది ఆ బండికి చెప్పినదానికంటె వేడిగా ఉండే రకం ప్లగ్గు బిగించడం. ఎక్కువ ధర పెట్రోలు పోస్తే చప్పుడు తాత్కాలికంగా అణగవచ్చును గాని, ఈ లోపాలు అట్లే ఉంటాయి. ఏ లోపమూ లేని బండికి, దాని తయారీదారు కోరినదానికంటె ఎక్కువ ఆక్టేను వల్ల బలం పెరగదు.

ప్రశ్న: కొద్దిగా కొట్టుకొంటే నష్టమేమి?

జవాబు: ఎత్తు చివర ఒకటి రెండు క్షణాలు వినిపించి ఆగిపోతే నష్టం లేదు. సిలిండరు గోడలను, పిస్టనును అంటిపెట్టుకొని ఒక పలుచని చల్లని వాయువు పొర ఉంటుంది. నాకింగు తరంగాలు ఆ పొరను చెదరగొడతాయి. దానితో మంటవేడి నేరుగా అల్యూమినియం పిస్టనుకు తగులుతుంది. ఘాటు పొడుగునా కొట్టుకొంటూ పోతే పిస్టను అంచు పురుగు తిన్నట్లు గుంటలు పడుతుంది, రింగులుండే గట్లు విరుగుతాయి, చివరకు పిస్టనుకు రంధ్రం పడుతుంది. చాలా కార్లలో నాకింగును పసిగట్టి రవ్వను ఆలస్యం చేసే పరికరం ఉంటుంది. సామాన్యపు మోటారు సైకిళ్ళలో ఈ ఏర్పాటు ఉండదు. అక్కడ ఆ పరికరం నడిపేవాని చెవి. రవ్వకు బదులు అతడు మార్చవలసినది గేరు.