వీడియోలో తప్పు దొర్లితే

విరేచనాలైన పిల్లలకు ఇంట్లో ద్రావణం కలిపే వీడియో అనుకోండి. లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. మాటల తడబాటులో అవి తారుమారయ్యాయి. అంత ఉప్పు పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

పేరో, సంవత్సరమో తప్పయితే సరైన సమాచారం, అది వచ్చే నిమిషం రాసి కామెంట్‌ను పిన్ చేస్తే చాలు. ఇక్కడ చాలదు. టీవీలో చూసేవాళ్లు, వీడియోను డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు కామెంట్ల దాకా వెళ్లరు.

యూట్యూబ్‌లో పాత లింకులోనే కొత్త ఫైలు పెట్టడం కుదరదు. అందుకే కంప్యూటర్‌లో YouTube Studio తెరిచి, Editorలో Trim & cut నొక్కి, New cutతో ఆ వాక్యాన్ని తీసేసి Save చేయాలి. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. కానీ ప్రాసెసింగ్ ముగిసేదాకా జనానికి పాత వీడియోనే కనిపిస్తుంది. ఇలాంటి ప్రమాదకరమైన తప్పుంటే అప్పటిదాకా దాన్ని Privateలో పెట్టడమే న్యాయం.

కోత తప్పును తీసేస్తుందే తప్ప సరైన కొలతను చేర్చదు. కొలతే వీడియోకు ప్రాణం కాబట్టి, మళ్లీ చిత్రీకరించి కొత్తగా అప్‌లోడ్ చేయాలి. వ్యూస్ సున్నా నుంచి మొదలవుతాయి, కానివ్వండి. కోసిన పాత వీడియోను తిరిగి Public చేసి, పిన్ చేసిన కామెంట్‌లో, వివరణలో ఏం తప్పు చెప్పారో రాసి కొత్త లింకు ఇవ్వాలి. ముందే చూసినవాళ్లు మళ్లీ అక్కడికే వస్తారు.