చూడనివాళ్లను అడిగితేనే లెక్క తేలేది

యూట్యూబ్‌లో పాటో వంట వీడియోనో పెట్టగానే ఒక్కోసారి ప్రకటన బదులు చిన్న ప్రశ్న వస్తుంది. ‘ఈ మధ్య వీటిలో ఏ బ్రాండ్ వీడియో ప్రకటన చూశారు?’ అని. కింద నాలుగైదు పేర్లు, చివర ‘ఏదీ కాదు’. చాలామంది దాటేసి వెళ్లిపోతారు. ఆగి జవాబిచ్చినవాళ్ల మాటలతో తయారయ్యేదే బ్రాండ్ లిఫ్ట్ సర్వే. ప్రకటన జనం బుర్రలోకి ఎక్కిందా లేదా అని తేల్చే పరీక్ష ఇది.

లెక్క ఎలా చదవాలో తెలియడానికి ఊహించిన ఉదాహరణ ఒకటి చూద్దాం. గుంటూరు కారప్పొడి కంపెనీ ఒకటి నెల రోజులు వీడియో ప్రకటన వేయించింది. ప్రకటన చూసినవాళ్లలో 2,000 మందిని పై ప్రశ్న అడిగితే 20 శాతం మంది ఆ బ్రాండ్ పేరే నొక్కారు. దీన్నే యాడ్ రీకాల్ అంటారు. ఏజెన్సీ సంబరపడిపోయింది. కానీ ఆ 20 ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ప్రకటన అసలు చూపించని మరో 2,000 మందిని అదే ప్రశ్న అడిగితే వాళ్లలోనూ 12 శాతం మంది చూశామన్నారు!

వాళ్లు అబద్ధమాడలేదు. కొందరు టీవీలోనో బస్టాండు హోర్డింగు మీదో చూసి ఉంటారు, కొందరు తెలిసిన పేరు కనబడగానే నొక్కేసి ఉంటారు. ప్రకటన చూసినవాళ్లలోనూ ఇలాంటివాళ్లు అంతేమంది ఉంటారు కాబట్టి 20లోంచి 12 తీసేయాలి. ప్రకటన తెచ్చిన పెరుగుదల 8 పాయింట్లు. అదే లిఫ్ట్.

ఈ తీసివేత చెల్లాలంటే చూడనివాళ్లను ఎలా ఎంచారన్నది ముఖ్యం. ప్రకటన ఎవరికి కనబడలేదో వాళ్లందరినీ ఒక గుంపు చేస్తే కుదరదు. వంట వీడియోలు చూసేవాళ్లకే ప్రకటన వెళ్లి, క్రికెట్ చూసేవాళ్లకు వెళ్లలేదనుకోండి. మొదటివాళ్లకు కారప్పొడి పేర్లు ముందునుంచే ఎక్కువ తెలిసి ఉంటాయి. అందుకే సరైన పద్ధతిలో ప్రకటన వెళ్లాల్సినవాళ్లలోంచే కొందరిని లాటరీ తీసినట్టు విడదీసి, వాళ్లకు దాన్ని కావాలని ఆపేస్తారు. పండగ సీజనైనా టీవీ ప్రచారమైనా రెండు గుంపుల మీదా ఒకేలా పడుతుంది. తేడా అల్లా ఆ ప్రకటనే.

రెండో ప్రశ్న ‘వీటిలో ఏ బ్రాండ్ల గురించి విన్నారు?’ అని. ఇది అవేర్‌నెస్, అంటే పేరు తెలియడం. ఇంకో 2,000, 2,000 మందిని అడిగితే చూడనివాళ్లలో 61 శాతం, చూసినవాళ్లలో 63 శాతం విన్నామన్నారు. లిఫ్ట్ 2 పాయింట్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గుంపుకు 2,000 మంది ఉన్నప్పుడు ఇలాంటి తేడాలో సుమారు 3 పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలే. అంటే నిజమైన పెరుగుదల 5 పాయింట్లు కావచ్చు, సున్నా కావచ్చు, ఒక పాయింటు తగ్గి కూడా ఉండొచ్చు. ‘అవేర్‌నెస్ పెరిగింది’ అని రాయడానికి ఇది చాలదు. ‘పెరగలేదు’ అని తేల్చేయడానికీ చాలదు. యాడ్ రీకాల్ 8 పాయింట్లకు ఆ ఊపు 2.3 పాయింట్లే కనుక దాన్ని నమ్మొచ్చు.

ప్రకటన గుర్తుండి, పేరు తెలిసినవాళ్లు పెద్దగా పెరగకపోవడంలో వింతేమీ లేదు. నిన్నో మొన్నో చూసిన వీడియో గుర్తుండటం తేలిక. పేరు ముందే 61 శాతం మందికి తెలిసినప్పుడు కొత్తగా తెలియాల్సినవాళ్లు 39 శాతమే. అదే కొత్త బ్రాండయితే పెరగడానికి చోటు చాలా ఉంటుంది. అందుకే పాత బ్రాండు 2 పాయింట్లనూ కొత్త బ్రాండు 10 పాయింట్లనూ పక్కపక్కన పెట్టి ఎవరి ప్రకటన గొప్పదో తేల్చడం అన్యాయం.

రిపోర్టుల్లో ఇంకో చమత్కారం ఉంటుంది. 12 నుంచి 20కి వెళ్లడాన్ని ‘67 శాతం వృద్ధి’ అని పెద్దక్షరాల్లో వేస్తారు. 8ని 12తో భాగిస్తే వచ్చేది అదే. లెక్క తప్పు కాదు, కానీ వందమందిలో కొత్తగా గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎనిమిది మందే. మొత్తం మీద అవేర్‌నెస్ తేలకపోతే, ‘25–34 ఏళ్ల మహిళల్లో 9 పాయింట్లు పెరిగింది’ అని ఒక ముక్క తీసి చూపిస్తారు. ఆ ముక్కలో రెండువైపులా 150 మందే ఉంటే ఊపు దాదాపు 11 పాయింట్లు. పైగా జనాన్ని ఇరవై ముక్కలు చేస్తే, ఏ ప్రభావం లేకపోయినా ఒకటి రెండు ముక్కలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి.

గుర్తుండటం వేరు, కొనడం వేరు. ఆ 8 పాయింట్లలో ఎంతమంది కిరాణా కొట్లో ఆ పొట్లమే అడిగారో ఈ సర్వే చెప్పదు. మీరు చిన్న వ్యాపారం నడుపుతూ ప్రకటనలకు డబ్బు పెడుతుంటే, ఏజెన్సీ రిపోర్టు తేగానే చూడనివాళ్ల శాతం ఎంత, గుంపుకు ఎంతమంది, ఎంత అటూ ఇటూ కావచ్చు అని అడగండి. అవి చెప్పలేకపోతే ఆ రిపోర్టు చూసి వచ్చే నెల బడ్జెట్ పెంచకండి.