ఒకే చేతి ఎర్ర కూజా, తెల్ల కప్పు

స్టోన్‌వేర్‌కూ పింగాణీకీ తేడా తెలియాలంటే జర్మనీలో బాట్గర్ చేసిన పనిని చూడాలి. డ్రెస్డెన్‌లో చిర్న్‌హౌస్‌తో కలిసి ఆయన ముందు సాధించింది ఎర్రటి స్టోన్‌వేర్. తెల్ల పింగాణీ ఆ తర్వాతే వచ్చింది. 1710లో మైసెన్‌లో కార్ఖానా మొదలైంది.

ఎర్ర మట్టిలో ఇనుము ఎక్కువ. దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆ మట్టి రేణువులు అతుక్కుపోయి, నీరు పీల్చని గట్టి ముద్ద అవుతుంది. అందుకే పైపూత లేకపోయినా కూజా కారదు. రత్నాలను సానపట్టినట్టు దాన్ని చెక్కి మెరుగుపెట్టారు. అదే మట్టిని ఇంకా కాలిస్తే ఉబ్బి, వంగిపోతుంది.

తెల్ల పింగాణీకి ఇనుము దాదాపు లేని కేయోలిన్ మట్టి కావాలి. అది ఒక్కటే ఉంటే కరగదు కాబట్టి బాట్గర్ అందులో అలబాస్టర్ కలిపాడు. తర్వాతి కాలంలో ఆ స్థానంలోకి ఫెల్డ్‌స్పార్ వచ్చింది. వేడి 1350 డిగ్రీలు దాటాక మట్టి లోపలే గాజు ఏర్పడి, పలుచని అంచులోంచి వెలుతురు కనిపిస్తుంది. పూత కూడా ఇంచుమించు అదే ముడిసరుకు కావడంతో లోపలి మట్టితో కలిసిపోతుంది.

విరిగిన పెంకు చేతికొస్తే అంచు చూడండి. పూత వేసిన స్టోన్‌వేర్‌లో మట్టికీ పూతకూ మధ్య గీత తరచుగా తెలుస్తుంది, మంచి పింగాణీలో దాన్ని పట్టుకోవడం కష్టం. వెలుతురు పరీక్ష ఒక్కటే నమ్మకండి. మందంగా చేస్తే పింగాణీ అయినా వెలుగును ఆపేస్తుంది.