శుభలేఖలో అక్షరాలు ఎందుకు మసకబారతాయి?

శుభలేఖ డిజైను ఒక్కసారితో తెమిలే పని కాదు. ముందు ముహూర్తం వేళ మారుతుంది. తర్వాత ఆహ్వానించే పెద్దల్లో ఒకరి పేరు చేరుతుంది. అది అయ్యాక కల్యాణ మండపం చిరునామా సరిదిద్దాలంటారు. ఇంట్లోవాళ్ల దగ్గర ఉండేది సాధారణంగా ఒక్క .jpg ఫైలే. దాన్ని తెరిచి, పాత అంకె మీద నేపథ్యం రంగు పూసి, కొత్తది రాసి, మళ్లీ అదే పేరుతో సేవ్ చేస్తారు. ఇలా నాలుగైదు సార్లు జరిగేసరికి, ఎవరూ చెయ్యి పెట్టని వరసల్లో కూడా అక్షరాల చుట్టూ బూడిదరంగు నలత తేలుతుంది. ఫ చివరి గీత కరిగి ప లాగా కనబడుతుంది. థ కడుపులోని చుక్క చెదిరి అది థనో ధనో పోల్చుకోలేకపోతాం. బొమ్మలోని పూలదండకు మాత్రం పెద్దగా ఏమీ అయినట్టుండదు.

పూలు నిలిచి, అక్షరాలు పాడవడానికి కారణం జేపెగ్ బొమ్మను దాచుకునే పద్ధతిలోనే ఉంది. 1992లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతికి ఆధారం 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రచురించిన ఒక గణిత ప్రక్రియ. సేవ్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ బొమ్మను పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 పిక్సెళ్లను 64 అలల మొత్తంగా తిరగరాస్తుంది. మొదటిది గడి అంతటికీ సగటు వెలుతురు. ఆ తర్వాతివి నెమ్మదిగా మారే అలలు, చివరివి పిక్సెల్ పిక్సెల్‌కూ మారిపోయే సన్నని అలలు. ఏ అల ఎంత పాలు ఉందో చెప్పే 64 అంకెలు అప్పుడు మిగులుతాయి.

నష్టం జరిగేది దీని తర్వాతి మెట్టులో. ప్రతి అంకెనూ ఒక భాజకంతో భాగించి, వచ్చినదాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ప్రమాణంలో నమూనాగా ఇచ్చిన పట్టికలో సగటు వెలుతురుకు భాజకం 16, అన్నిటికంటే సన్నని అలకు 99. మన కన్ను సన్నని తేడాలను అంతగా పట్టించుకోదు కాబట్టి వాటిని పెద్ద అంకెతో భాగిస్తారు. చాలావాటికి సున్నా వస్తుంది, ఫైలు చిన్నదవుతుంది.

ఆకాశానికీ చెంపకీ పూరేకుకీ ఇది చక్కగా సరిపోతుంది, వాటిలో వెలుతురు మెల్లగా మారుతుంది కాబట్టి. అక్షరం అంచు అలా కాదు. ఈ పిక్సెల్ నలుపు, పక్క పిక్సెల్ తెలుపు. అంత నిట్టనిలువు అంచు రావాలంటే లావు అలలూ సన్నని అలలూ అన్నీ కలవాలి. అంచుకు దూరంగా అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటేనే తెలుపు తెల్లగా ఉంటుంది. వాటిలో కొన్ని సున్నా అయిపోతే మిగిలినవాటిని రద్దు చేసేవి ఉండవు. అవి తెల్లకాగితం మీద అలలుగానే మిగిలిపోతాయి. అక్షరం చుట్టూ మనం చూసే నలత అదే.

రంగు అక్షరాలకు ఇంకో దెబ్బ ఉంది. జేపెగ్ వెలుతురునూ రంగునూ విడదీసి దాస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు మామూలు సెట్టింగ్‌లో పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు రాసుకుంటాయి. పసుపు మీద ఎర్రటి అక్షరాలు మన శుభలేఖలకు మామూలే. అక్కడ ఎరుపు పసుపులోకి, పసుపు ఎరుపులోకి ఒలికి, అంచు పొడవునా మురికి నారింజ గీత పడుతుంది.

మరి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ఎందుకు పెరుగుతుంది? అన్నిటికంటే సన్నని అల ఒకటి తీసుకుని లెక్క చూద్దాం. దాని అసలు విలువ 30 అనుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లు వాడే లెక్క ప్రకారం క్వాలిటీ 75 దగ్గర ఈ అలకు భాజకం 50. 30ని 50తో భాగిస్తే 0.6, సవరిస్తే 1. ఫైలు తెరిచినప్పుడు ఆ 1 తిరిగి 50 అవుతుంది. అంటే 30 కాస్తా 50 అయింది. ఇప్పుడు అదే ఫైలును ఇంకో సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ 65తో సేవ్ చేశాం. అక్కడ భాజకం 69. 50ని 69తో భాగిస్తే 0.72, మళ్లీ 1, తెరిస్తే 69. రెండు సేవ్‌లలో 30 విలువ 69కి చేరింది. రెండో సాఫ్ట్‌వేర్‌కు అసలు 30 సంగతి తెలియదు. ముందటి తప్పునే అది నిజమనుకుని దాని మీద తన తప్పు కలిపింది.

ఏ మార్పూ లేకుండా, అదే సాఫ్ట్‌వేర్‌లో, అదే క్వాలిటీతో సేవ్ చేస్తే 50ని 50తోనే భాగిస్తుంది కాబట్టి కొత్త నష్టం చాలా తక్కువ. ఫైలును తెరిచి చూడటం వల్ల, కాపీ చేయడం వల్ల అసలు నష్టమే లేదు. నష్టం పెరిగేది సవరణలు మధ్యలో దూరినప్పుడు. వెలుతురు పెంచినా, సైజు మార్చినా, క్వాలిటీ మారినా లెక్క మళ్లీ మొదలవుతుంది. ఎవరూ అనుమానించనిది కత్తిరింపు. ఎడమ అంచు నుంచి 3 పిక్సెళ్లు కత్తిరించామంటే బొమ్మ మొత్తంలో 8×8 గళ్ల గీతలు జరిగిపోతాయి. పాత గళ్ల అంచులూ అక్షరాల చుట్టూ ఉన్న నలతా కొత్త గళ్ల నడిమికి వచ్చి, బొమ్మలోని వివరాలుగా లెక్కలోకి ఎక్కుతాయి. అందుకే మనం ముట్టుకోని వరసలు కూడా చెడతాయి. కుడివైపునో కిందనో కత్తిరిస్తే గళ్లు కదలవు.

మీ ఫైలు సంగతి తెలుసుకోవాలంటే తెల్లటి చోట ఉన్న ఒక అక్షరాన్ని 400 శాతానికి పెంచి చూడండి. బూడిద చుక్కలు అక్షరం దగ్గర మాత్రమే ఉండి, ఒక చతురస్రపు గీత దగ్గర ఠక్కున ఆగిపోతుంటే అది జేపెగ్ గడి హద్దే.

దీనికి విరుగుడు, పని జరిగినన్నాళ్లూ జేపెగ్ జోలికి పోకుండా నష్టం లేని ప్రతిని దగ్గర ఉంచుకోవడం. పీఎన్‌జీ కూడా ఫైలును కుదిస్తుంది కానీ దేన్నీ సవరించి పారేయదు. వందసార్లు సేవ్ చేసినా ప్రతి పిక్సెల్ అదే విలువతో తిరిగొస్తుంది. శుభలేఖకు అంతకంటే మంచిది సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు. గింప్‌లో అది .xcf, ఫొటోషాప్‌లో .psd. వీటిలో నేపథ్యం ఒక పొరగా, అక్షరాలు వేరే పొరలుగా ఉంటాయి. ముహూర్తం మారితే ఆ అంకెను టైపు చేస్తే చాలు, కింద రంగు పూయనక్కర్లేదు. గింప్‌లో Save నొక్కితే .xcf మాత్రమే వస్తుంది. జేపెగ్ కావాలంటే Export As లోకి వెళ్లాలి. ప్రతి సవరణ తర్వాతా .xcf నుంచి కొత్తగా జేపెగ్ తీస్తే, ఐదో శుభలేఖ కూడా ఒక్కసారి కుదించినదే అవుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ 90 దాటించి, రంగుల విషయంలో 4:4:4 ఎంచుకుంటే ఎర్ర అక్షరాల అంచులు ఒలకవు. బంధువులకు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

దీనికి చెల్లించే ధర చోటు. ఫొటోలున్న డిజైను పీఎన్‌జీలోనో .xcfలోనో జేపెగ్ కంటే కొన్ని రెట్లు పెద్దదవుతుంది. ఇప్పటికే చెడిన జేపెగ్‌ను పీఎన్‌జీగా మార్చితే పోయిన అంచులు తిరిగి రావు. ఉన్న నలత ఉన్నట్టే నిలుస్తుంది, ఇంకా పెరగదు, అంతే. అలాంటి ఫైలే మిగిలితే దానికి మెరుగులు దిద్దుతూ కూర్చోకండి. మచ్చపడిన అక్షరాల మీద నేపథ్యం రంగు పూసి, వాటిని కొత్త పొరలో మళ్లీ టైపు చేసి, .xcfగా దాచుకోండి. ఒక పేజీ శుభలేఖకు అది గంటలోపు పని.