ఆఫర్ వచ్చిన స్నేహితుడికి ఏం రాయాలి?

ఏడాదిన్నరగా ఉద్యోగం వెతుక్కుంటున్న స్నేహితుడు ‘ఆఫర్ వచ్చిందిరా’ అని మెసేజ్ పెడతాడు. వెంటనే ‘కంగ్రాట్స్’ అని కొట్టి, పక్కన నాలుగు ఎమోజీలు పడేస్తాం. తప్పేం లేదు. కాకపోతే పొద్దున ఎవరిదో గృహప్రవేశం ఫొటో కిందా అదే పెట్టి ఉంటాం. ఇన్నాళ్లూ ఎదురుచూసిన వాడికి మూడు నాలుగు వాక్యాలు రాయడం ధర్మం. ఆ నాలుగు వాక్యాల్లో ఏముండాలన్నదే ప్రశ్న.

ముందు ఏముండకూడదో చూద్దాం. ‘మొత్తానికి కొట్టావ్’, ‘ఎట్టకేలకు సాధించావ్’ అన్నవి మనకు సంతోషంలో వచ్చే మాటలే. కానీ ప్రతి పెళ్లిలోనూ ‘ఇంకా ఖాళీయేనా బాబూ’ అని అడిగించుకున్నవాడికి వాటిలో ముందు వినపడేది ఆలస్యం. ‘దేవుడు కరుణించాడు’ అని వాళ్లమ్మ అంటే అందం. మనం అంటే వాడి కష్టాన్ని పక్కన పెట్టినట్టే.

‘ప్యాకేజీ ఎంత?’ అన్నది ఇంకా ఇబ్బంది. ఖాళీ ఎక్కువైనవాళ్లు చాలామంది అనుకున్నదానికంటే తక్కువ జీతానికి ఒప్పుకుంటారు. ఆ అంకె చెప్పాల్సి వస్తే సంతోషం అక్కడే సగమవుతుంది. ‘పార్టీ ఎప్పుడు?’ అని అడిగేముందు మొదటి జీతం పడేది చేరిన నెలాఖరుకని, దానికి ముందే హాస్టల్ బాకీ ఉండొచ్చని గుర్తుంచుకోవాలి.

మరి ఏం రాయాలి? మనం కళ్లారా చూసింది రాయాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి, ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు తిరిగిన కుర్రాడు. మనం ముందు రాసుకున్నది ఇది: ‘మొత్తానికి వచ్చిందిరా! ఎన్ని రిజెక్షన్లు చూశావో, ఇక నీ కష్టాలు తీరాయి. ప్యాకేజీ ఎంత?’ ఇందులో వాడు మరిచిపోవాలనుకునేవన్నీ మళ్లీ లెక్కపెట్టాం, చివర్లో ఒక పరీక్ష కూడా పెట్టాం.

ఇప్పుడు తిరగరాద్దాం: ‘రేయ్, చాలా సంతోషంగా ఉందిరా. రాత్రి పదకొండు దాటినా ఎస్‌క్యూఎల్ క్వెరీలు రాస్తూ కూర్చునేవాడివి, నేను చూశాను. ఇది నువ్వు కష్టపడి తెచ్చుకున్నది. అమ్మకి ముందు చెప్పు, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆదివారం టీ నాది.’ రిజెక్షన్ల ఊసు లేదు, ప్రశ్న లేదు. అయినా ఆ ఎదురుచూపంతా ‘నేను చూశాను’ అన్న ఒక్క మాటలో వచ్చేసింది. ఇలా రాయడానికి మనకు నిజంగా గుర్తున్న సంగతి ఒకటి కావాలి. అలాంటిది లేకపోతే కల్పించకుండా, ‘చాలా సంతోషంగా ఉందిరా’ అని ఒక్క వాక్యంతో ఆపేయడం నయం.

ఇంకో జాగ్రత్త. ఆఫర్ వేరు, చేరడం వేరు. ప్రైవేటు కంపెనీల ఆఫర్ లెటర్లలో సర్టిఫికెట్లు, పాత ఉద్యోగం వివరాలు సరిచూశాకే ఖాయమన్న షరతు మామూలే. జాయినింగ్ తేదీ నెలల తరబడి వాయిదా పడ్డ సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో చదువు ముగించి ఓపీటీ మీద ఉన్నవాళ్లకు ఇది మరీ గట్టి లెక్క. ఆ వ్యవధిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించకూడదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా ఆ లెక్క ఆగదు, పనిలో చేరాకే ఆగుతుంది. అందుకే ‘ఇక టెన్షన్ లేదు’, ‘సెటిలైపోయావ్’ అన్న హామీలు మనం ఇవ్వకూడదు. ‘ఆఫర్ వచ్చినందుకు సంతోషం’ అంటే చాలు. చేరిన రోజున ఇంకో మెసేజ్ పెట్టొచ్చు.

అలాగే, వాడు చెప్పకముందే కాలేజీ గ్రూపులో వేయకండి, స్టేటస్ పెట్టకండి. వాడు ఇంకా ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు. పైగా అదే గ్రూపులో ఇంకా వెతుక్కుంటున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వాడే అక్కడ చెప్పాక అందరితోపాటు ఒక్క ముక్క అనండి. మనసులో మాట మాత్రం విడిగా పంపండి.

రాశాక పంపేముందు ఒక్కసారి చదువుకోండి. అందులో ప్రశ్న ఉంటే తీసేయండి. సలహా ఉంటే అదీ తీసేయండి. మిగిలింది పంపేయండి.