‘నో రిటర్న్’ అని రాసేస్తే సరిపోతుందా?

పెడనలో అచ్చేసిన కలంకారీ దుపట్టాలను విజయవాడలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఓ కుటుంబం ఉందనుకుందాం. వాళ్ల వెబ్‌సైట్‌లో షరతుల పేజీ అంటూ ఉన్నది ఒక్క లైనే: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. బిల్లు పుస్తకాల నుంచి వచ్చిన అలవాటు ఇది. ఆన్‌లైన్‌లో మాత్రం ఈ లైను అమ్మకందారుని కాపాడదు.

వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనలు 2020 ప్రకారం సరుకులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వాపసు తీసుకోనని అనడానికి వీల్లేదు. ఇంటి నుంచి అమ్మినా సరే, క్రమం తప్పకుండా వ్యాపారంగా చేస్తుంటే ఈ నిబంధనలు వర్తిస్తాయి. కాబట్టి ఏది లోపం, ఏది కాదు అన్నది కొనకముందే పేజీలో రాసి ఉండాలి. అసలు రక్షణ అక్కడే ఉంది.

కలంకారీ కొనేవారి మొదటి అనుమానం రంగు గురించే. బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చులతో చేత్తో అద్దుతారు. అందుకే ప్రశ్నల పేజీలో ఇలా రాయొచ్చు: ‘మొదటి ఉతుకుల్లో కొంచెం రంగు వదలవచ్చు. చన్నీళ్లలో విడిగా ఉతకండి. అచ్చుల మధ్య చిన్న తేడాలు చేతిపనిలో సహజం. చిరుగు ఉన్నా, ఫొటోలో లేని డిజైన్ వచ్చినా 7 రోజుల్లో చెప్పండి, డబ్బు తిరిగిస్తాం, కొరియర్ ఖర్చు మాదే.’ అయితే మిల్లులో స్క్రీన్ ప్రింట్ వేసిన బట్టను చేతి అచ్చు అని అమ్మితే మాత్రం ఏ షరతూ ఆదుకోదు.

ఇక డెలివరీ. ‘త్వరగా పంపుతాం’ అంటే ఎన్ని రోజులు? రంజాన్ ముందు గొడవలన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి. ప్యాకింగ్‌కు 2 పనిదినాలు, కొరియర్‌కు 5 నుంచి 7 రోజులు అని విడివిడిగా రాయాలి. ఈద్‌కు అందాలంటే ఏ తేదీలోపు ఆర్డర్ పెట్టాలో కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినట్టు ఎవరి చేతిలోనూ లేని కారణంతో ఆలస్యమైతే నిబంధనల్లో మినహాయింపు ఉంది. అయినా అలాంటప్పుడు కొన్నవారికి వెంటనే కబురు చేస్తామని, వద్దంటే డబ్బు తిరిగిస్తామని రాసుకోవడమే మేలు.

చాలామంది నమ్మకం పెట్టుకునే మరో లైను, ‘విజయవాడ కోర్టుల పరిధికి లోబడి’. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గుల్బర్గాలో ఉన్నావిడ విజయవాడ దాకా రావాల్సిన పనిలేదు. దానికి బదులు ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, ఫోన్ నంబరు పేజీలో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. గొడవ చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

షరతులు మార్చినప్పుడల్లా కింద తేదీ వేసి, పాత పేజీ కాపీ దాచుకోవాలి. మార్చిలో పెట్టిన ఆర్డర్‌కు మార్చిలో ఉన్న షరతులే వర్తిస్తాయి, జూన్‌లో మార్చినవి కాదు.